చోళుల నౌకాదళం నిజంగా ఇండోనేషియాని ఏలిందా? తంజావూరు నుంచి వచ్చాక ఒక అనుమానం

గోదారిగట్టు (రాత్రి 9:12)
పోయిన వారం కుటుంబంతో తంజావూరు వెళ్లొచ్చాం. పెద్దగుడిలో మా గైడ్ గోడ మీద అక్షరాలు చూపించి, "రాజేంద్ర చోళుడు వెయ్యి ఓడలతో వెళ్లి ఇండోనేషియా, మలేషియా గెలిచాడు, మూడు వందల ఏళ్లు అవి చోళుల చేతిలోనే ఉన్నాయి" అన్నాడు. మా అబ్బాయి వెంటనే "మరి అక్కడ చోళుల కోట ఒక్కటైనా ఉందా?" అని అడిగాడు. గైడ్ నవ్వి పక్క మండపానికి తీసుకుపోయాడు. అప్పట్నుంచీ నాకు ఆ ప్రశ్న పోవడం లేదు. గోడ మీద నిజంగా ఏముంది? ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

జైచోళ1025 (రాత్రి 9:30)
గైడ్ చెప్పింది కరెక్టే అన్నా. 1025లో దండయాత్ర జరిగింది, సుమత్రాలోని శ్రీవిజయ రాజ్యపు రాజు సంగ్రామ విజయోత్తుంగవర్మ బందీ అయ్యాడు. ఇది ఎవరూ కాదనలేరు. చోళులకి పది లక్షల మంది నావికులు, అడ్మిరల్ నుంచి కిందిదాకా ర్యాంకులు, ఒక్కో స్క్వాడ్రన్‌కి ఒక్కో పేరు, అన్నీ ఉండేవి. బంగాళాఖాతాన్ని "చోళ సరస్సు" అంటారు. వాట్సాప్‌లో ఒక పెద్ద చార్ట్ ఉంది, కావాలంటే పెడతా.

మిర్చిబజ్జీ (రాత్రి 9:41)
చోళులంటే మన రేనాటి చోళులే కదా? కడప జిల్లా కలమళ్ల శాసనం వాళ్లది. కడపకి సముద్రం ఎక్కడుంది గురూ?

శాసనాలపిచ్చి (రాత్రి 10:20)
మిర్చిబజ్జీ గారూ, వాళ్లు వేరు. ఇక్కడ మాట్లాడుతున్నది కావేరి ఒడ్డు చోళుల గురించి. రేనాటి వాళ్ల గురించి వేరే దారం పెట్టండి, వస్తాను.

గోదారిగట్టు గారూ, మీ అబ్బాయిది మంచి ప్రశ్న. గోడ మీద ఉన్నది రాజేంద్రుడి మెయ్‌కీర్తి. మన ప్రశస్తి లాంటిదే. రాజు గెలిచిన చోట్లన్నీ వరుసగా పద్యంలా చెబుతుంది, కొత్త విజయం వచ్చినప్పుడల్లా దాని చివర ఒక ముక్క కలుపుతారు. 1025 అనే సంవత్సరం కూడా ఆ అలవాటు వల్లే తెలిసింది. రాజేంద్రుడు 1012లో పట్టానికొచ్చాడు. ఆయన 13వ ఏటి శాసనాల్లో గంగ దాకా వెళ్లిన కథతో మెయ్‌కీర్తి ఆగిపోతుంది. 14వ ఏటి నుంచి కడారం ముక్క కనిపిస్తుంది. కాబట్టి ఆ మధ్యలో జరిగిందన్నమాట.

ఆ ముక్క "అలలెగసే కడలి నడుమకు ఎన్నో ఓడలు పంపి" అని మొదలవుతుంది. ఎన్ని ఓడలో లేదు, "ఎన్నో" అంతే. వెయ్యి ఎక్కడి నుంచి వచ్చిందో మీ గైడ్‌నే అడగాలి. తర్వాత కడారం రాజుని, అంటే ఆ శ్రీవిజయ రాజునే, ఏనుగులతో సహా పట్టుకోవడం, ఆయన కూడబెట్టిన ధనరాశి తీసుకోవడం, నగర ద్వారం దగ్గరున్న విద్యాధర తోరణాన్ని ఊడబెరికి తేవడం. అక్కడి నుంచి పదమూడు ఊళ్ల పేర్లు. శ్రీవిజయ, పణ్ణై, మలైయూర్, ఇలంగాశోక ఇలా సాగి, మానక్కవారం అంటే నికోబార్, చివరికి కడారం. కడారం అంటే ఇప్పటి మలేషియాలో కెడా.

ఇది ఒక్కసారి చదివి చూడండి. గవర్నర్‌ని పెట్టినట్టు లేదు. పన్ను వేసినట్టు లేదు. సైన్యాన్ని దింపి ఉంచినట్టు లేదు. కొట్టారు, పట్టుకున్నారు, తెచ్చుకున్నారు.

జైచోళ1025 (రాత్రి 10:34)
అంటే చోళులు దొంగలా? మన చరిత్రని మనమే తక్కువ చేసుకోవడం ఎందుకండీ.

శాసనాలపిచ్చి (రాత్రి 10:52)
దొంగలు అనలేదు తమ్ముడూ. అప్పట్లో అందరు రాజులూ చేసిందే చేశారు. శాసనంలో ఉన్నదాన్ని దాటి నేను మాట్లాడలేను, అంతే. ఆ ర్యాంకుల చార్ట్ నేనూ చూశాను. అందులో ఒక్కో పేరు ఏ శాసనంలో ఉందో ఒక్కదానికీ చెప్పరు. చోళుల శాసనాలు వేలల్లో ఉన్నాయి. ఏ గుడికి ఎన్ని మేకలిచ్చారో, ఆ నెయ్యితో ఎన్ని దీపాలు వెలగాలో కూడా రాసిపెట్టారు. అంత పెద్ద నౌకాదళం జీతాలు తింటూ ఉంటే దాని ఊసు ఎక్కడో ఒకచోట గట్టిగా రావాలి కదా. చోళ యుద్ధనౌక అని చెప్పుకోదగింది సముద్రంలోంచి ఒక్కటీ బయటపడలేదు.

తీరంవాడు (ఉదయం 6:05)
నేను పదహారేళ్లుగా సరుకు ఓడల్లో పనిచేస్తున్నా. మాది కాకినాడ. చరిత్ర నాకు పెద్దగా తెలీదు కానీ ఈ దారి తెలుసు. నాగపట్నం నుంచి కెడా సుమారు 2,300 కిలోమీటర్లు. శాసనాలపిచ్చి గారూ, అప్పట్లో ఎన్ని రోజులు పట్టేదో ఎక్కడైనా రాసుందా?

శాసనాలపిచ్చి (ఉదయం 7:40)
ఉంది. ఏడో శతాబ్దంలో చైనా నుంచి వచ్చిన బౌద్ధ భిక్షువుల ప్రయాణాలు ఇజింగ్ అనే చైనా భిక్షువు రాసిపెట్టాడు. అందులో ఒకాయన కెడాలో ఓడెక్కి ముప్ఫై రోజులకి నాగపట్నంలో దిగాడు.

తీరంవాడు (ఉదయం 8:15)
ముప్ఫై రోజులంటే రోజుకి 77 కిలోమీటర్లు. గంటకి మూడు పైచిలుకు. మనిషి తాపీగా నడిచినంత. అది కూడా గాలి వెనక నుంచి ఉంటేనే.

ఇప్పుడు నీళ్ల లెక్క చూడండి. ఓడలో వందమంది అనుకుందాం. తాగడానికీ గంజికీ కలిపి మనిషికి రోజుకి నాలుగు లీటర్లు. ముప్ఫై రోజులకి 12,000 లీటర్లు. మా వీధికి వచ్చే నీళ్ల ట్యాంకర్ 5,000 లీటర్లది, అలాంటివి రెండున్నర. ఇది ఒక్క ఓడకి. సైనికులు వేల మంది అంటే బియ్యం, ఆయుధాలు వేరే. ఏనుగుల్ని తీసుకెళ్లారని మాత్రం నాకు చెప్పకండి, నేను నమ్మను.

అందుకే ఆ జాబితాలో నికోబార్ ఉండటం నాకు వింతగా అనిపించలేదు. అక్కడ కొల్లగొట్టడానికి ఏముంటుంది? కొబ్బరికాయలు, మంచినీళ్లు. దారి మధ్యలో ఆగే చోటు అది. ఎవరైనా అక్కడ ఆగి తీరాలి.

ఇంకోటి. వెళ్లేటప్పుడు నైరుతి గాలి, వచ్చేటప్పుడు ఈశాన్యపు గాలి. మధ్యలో అక్టోబరు, నవంబరు మన తీరం సంగతి మీకు తెలిసిందే, తుఫాన్లు. ఒకసారి దాటి వెళ్లాక గాలి తిరిగేదాకా నెలల తరబడి అవతలే ఉండాలి. ఈ దారి కొత్తవాళ్లకి దొరకదు. ఏ రేవులో నీళ్లున్నాయి, ఏ నెలలో ఎక్కడ లంగరు వేయాలి అన్నది ఏటేటా తిరిగేవాళ్లకే తెలుస్తుంది. నన్నడిగితే ఆ ఓడలు, వాటిని నడిపినవాళ్లు వ్యాపారస్తులవే అంటాను.

శాసనాలపిచ్చి (ఉదయం 9:30)
తీరంవాడు గారూ, పండితులు చాలామంది అటే మొగ్గుతారు. రాజు వ్యాపారుల ఓడలు అడిగి తీసుకున్నాడు, మనుషుల్ని ఎక్కించాడు అని. కానీ నేరుగా చెప్పే ఆధారం లేదు, అది ఊహే. మీ నికోబార్ మాట మాత్రం నాకు నచ్చింది. మెయ్‌కీర్తి దాన్ని "విశాలమైన తోటల్లో తేనె నిండిన నక్కవారం" అంటుంది. కోటా లేదు, సైన్యమూ లేదు, తోటలే.

కెడాకోడలు (మధ్యాహ్నం 12:10)
అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి, పెళ్లయ్యాక పదకొండేళ్లుగా సుంగై పెటానీలో ఉంటున్నాం. అది కెడాలోనే. ఇంటి నుంచి కాస్త దూరం వెళ్తే బుజాంగ్ లోయ. అక్కడ మ్యూజియం పక్కనే కొండ వాగు దగ్గర బుకిట్ బాటు పహాట్ గుడి ఉంది. గుడి అంటే పైకప్పు లేదు, రాతి పీఠం, దాని ముందు స్తంభాలు నిలిపిన రాళ్లు. పిల్లలు వాగులో ఆడుకుంటుంటే నేను ఆ పీఠం మీద కూర్చుంటా. గోదారిగట్టు గారి అబ్బాయి అడిగిన కోట నేనూ వెతికాను, ఎక్కడా కనపడలేదు.

మా అత్తగారి వైపు వాళ్లు ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగువాళ్లు. మావగారు "మనం రాజేంద్రుడి ఓడల్లో వచ్చినవాళ్లం" అని గర్వంగా చెబుతుంటారు. అది నిజమేనా?

శాసనాలపిచ్చి (మధ్యాహ్నం 1:25)
అమ్మా, మావగారి ముందు ఈ మాట అనకండి కానీ, మలేషియా తెలుగు కుటుంబాల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషువాళ్ల కాలంలో రబ్బరు, కొబ్బరి తోటల పనికి వెళ్లినవాళ్లే. విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి చాలామంది. నూటపాతికేళ్ల కథ అది, వెయ్యేళ్లది కాదు.

ఆ గుడులు కూడా చోళులవి అని తేల్చి చెప్పలేం. అక్కడి కట్టడాల్లో కొన్ని 1025 కన్నా చాలా పాతవి, బౌద్ధులవీ ఉన్నాయి. ఆ రేవుకి మన వైపు నుంచి రాకపోకలు ముందునుంచీ ఉన్నాయి. దాడి జరిగింది ముక్కూమొహం తెలియని ఊరి మీద కాదు. అసలు నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది అదే.

గోదారిగట్టు (మధ్యాహ్నం 1:50)
అంటే ముందు స్నేహం ఉండేదా?

శాసనాలపిచ్చి (మధ్యాహ్నం 3:05)
మామూలు స్నేహం కాదు. రాజేంద్రుడి నాన్న రాజరాజు కాలంలో శ్రీవిజయ రాజు నాగపట్నంలో ఒక బౌద్ధ విహారం కట్టించాడు. తన తండ్రి పేరు మీద చూడామణి విహారం అన్నారు. దాని ఖర్చులకి రాజరాజు 1006 ప్రాంతంలో ఆనైమంగళం అనే ఊరి ఆదాయం రాసిచ్చాడు. ఏటా 8,943 కలాల వడ్లు. ఈ సంగతి 21 రాగిరేకుల మీద ఉంది. అవి హాలండ్ చేరాయి కాబట్టి లైడెన్ రేకులు అంటారు. (తమిళంలో కలం అంటే వడ్ల కొలత, ఓడ కూడా. ఈ దారం మొత్తానికి సరిపోయే మాట.)

రాజరాజు పోయాక ఆ దానాన్ని గట్టిపరిచి రేకుల మీద చెక్కించింది రాజేంద్రుడే. 1014 నుంచి 1019 దాకా శ్రీవిజయ రాజు మనుషులు నాగపట్నం శివాలయానికి నగలు, చైనా బంగారం ఇచ్చినట్టు అక్కడి శాసనాల్లో ఉంది. ఆరేళ్లు తిరక్కుండానే ఆ రాజు రాజధాని తోరణం ఊడొచ్చింది.

జైచోళ1025 (మధ్యాహ్నం 3:20)
మరి ఎందుకు కొట్టినట్టు? ఏదో ద్రోహం చేసి ఉంటారు.

శాసనాలపిచ్చి (సాయంత్రం 4:40)
శాసనం కారణం చెప్పదు. మనం చూడగలిగేది చుట్టూ ఉన్న పరిస్థితి. చైనాలో అప్పుడు సోంగ్ రాజులు. సముద్ర వ్యాపారం మీద సుంకంతో ఖజానా నింపుకుంటున్నారు. అక్కడికి పోవాలంటే మలక్కా జలసంధి దాటాలి, దాని రెండు ఒడ్డులూ శ్రీవిజయ చేతిలో. రాజరాజు పంపిన రాయబారం 1015లో చైనా చేరింది. అంటే చోళులకి ఆ బజారు తలుపు దాకా వెళ్లిన అనుభవం ఉంది, మధ్యలో కూర్చున్నవాడు ఎవరో కూడా తెలుసు. జలసంధిలో ఓడల్ని ఆపి సుంకం గుంజుతుంటే వ్యాపారులు రాజు దగ్గర మొరపెట్టుకున్నారని ఒక వాదం. కొల్లగొట్టి తెచ్చింది సామంతులకి పంచకపోతే అప్పటి రాజ్యం నిలబడదు, అందుకే వెళ్లాడని ఇంకొక వాదం. నేను మొదటి దాని వైపు మొగ్గుతాను, కానీ రెండోదాన్ని కొట్టిపారేయలేను.

ఫలితం మాత్రం చూడండి. 1028కల్లా శ్రీవిజయ నుంచి చైనాకి మళ్లీ రాయబారం వెళ్లింది. ఇంకా తమాషా, 1106లో బర్మాలోని పగాన్ రాయబారులు చైనా వచ్చినప్పుడు వాళ్లకి చోళులతో సమానంగా మర్యాద చేయమని చక్రవర్తి అన్నాడు. అక్కడి అధికారులు "చోళ రాజ్యం శ్రీవిజయకి లోబడింది, పగాన్ స్వతంత్ర రాజ్యం, ఇంకా ఎక్కువ మర్యాద చేయాలి" అని అడ్డు చెప్పారు. కొట్టింది చోళులు, చైనా దస్త్రాల్లో లోబడింది కూడా చోళులే.

మిర్చిబజ్జీ (సాయంత్రం 4:48)
మా ఆఫీసులో కూడా ఇంతే. పని నాది, మెయిల్లో పేరు ఇంకొకడిది.

చీరాలచిన్నోడు (సాయంత్రం 6:15)
మా పక్కనే మోటుపల్లి. అక్కడ గుడి దగ్గర గణపతిదేవుడి అభయ శాసనం ఉంది, 1244 నాటిది. గాలివానకి కొట్టుకొచ్చి మా తీరంలో పడ్డ ఓడల సరుకంతా పాత రాజులు లాగేసుకునేవాళ్లు, నేను అలా చేయను, మామూలు సుంకం మాత్రమే తీసుకుంటాను అని చెబుతుంది. ఇది కూడా చోళుల లెక్కలోకే వస్తుందా?

శాసనాలపిచ్చి (సాయంత్రం 7:30)
చోళులది కాదు, కాకతీయులది. రెండు వందల ఏళ్లు తర్వాతిది. కానీ చిన్నోడు గారూ, మీరు తెచ్చింది ఈ దారానికి చాలా అవసరమైన సంగతి. సముద్రంలో వ్యాపారం నిలిచేది అలాంటి మాట మీదే, ఫలానా రేవులో ఎంత తీసుకుంటారు, మిగతాది నాదేనా అని. దాడి ఒక్క రుతువు. రేవు నియమాలు తరాలు ఉంటాయి. ఆ నియమాలు రాసినవాళ్లలో రాజులే కాదు, వ్యాపారుల సంఘాలూ ఉన్నాయి.

సుమత్రా పడమటి ఒడ్డున బారుస్ అనే ఊరు. దాని పక్కన లోబు తువా దగ్గర 1873లో ఒక విరిగిన రాయి దొరికింది. ఇప్పుడు జకార్తా మ్యూజియంలో ఉంది. భాష తమిళం. శక సంవత్సరం 1010, మాసి నెల. అంటే 1088. ఎవరు వేయించారు? రాజు కాదు. "తిశై ఆయిరత్తు ఐన్నూట్రువర్", వెయ్యి దిక్కుల ఐదువందలవాళ్లు. కన్నడ దేశంలో ఐహోళెలో మొదలైన సంఘం అది. మన తెలుగు శాసనాల్లో "అయ్యావళి", "ఉభయ నానాదేశి పెక్కండ్రు" అని కనపడేది ఈ కోవ వాళ్లే.

రాయి చెప్పేది చాలా మామూలు సంగతి. మా రేవుకి ఓడ వస్తే, ఓడ యజమాని, నడిపేవాళ్లు, అందరూ కస్తూరి ధరని బట్టి లెక్కగట్టి బంగారంలో రుసుము చెల్లించాలి. చెల్లించాకే పరిచిన బట్ట మీద అడుగు పెట్టాలి. అంతే. రాజు పేరుతో యుద్ధం చేసిన అరవై ఏళ్లకి, రెండు వేల కిలోమీటర్ల అవతల, తమ సొంత పేరుతో తామే రుసుము నిర్ణయిస్తున్నారు.

తీరంవాడు (రాత్రి 7:52)
కస్తూరి ధరని బట్టి ఎందుకు? బంగారం తూకం చెబితే సరిపోయేది కదా.

శాసనాలపిచ్చి (రాత్రి 8:20)
ఆ రాయి అక్కడక్కడా పోయింది, పూర్తి లెక్క దొరకలేదు. నా మటుకు అనిపించేది, ఒక్కో దేశం బంగారం ఒక్కో నాణ్యత, కస్తూరి మాత్రం అందరికీ తెలిసిన సరుకు, తేలిక. దాని ధరతో ముడిపెడితే తగాదా తక్కువ. ఇది నా ఊహే.

కెడాకోడలు (రాత్రి 8:31)
పరిచిన బట్ట అంటే ఏంటండీ?

శాసనాలపిచ్చి (రాత్రి 8:45)
తమిళంలో ఉన్న మాట పావాడై. మనకి పావడ అంటే ఆడపిల్లలు కట్టుకునేదే గుర్తొస్తుంది కానీ, పాత కావ్యాల్లో గొప్పవాళ్లు నడవడానికి కింద పరిచే బట్టని నడపావడ అంటారు. ఓడ దిగి బజారులోకి రావడానికి సుంకం కట్టాక దొరికే మర్యాద లాంటిది అయ్యుండాలి.

గోదారిగట్టు (రాత్రి 9:02)
బారుస్‌లో అంత ఏముందని అక్కడ తిష్ఠ వేశారు?

శాసనాలపిచ్చి (రాత్రి 9:25)
పచ్చకర్పూరం. తిరుపతి లడ్డు నోట్లో పెట్టుకోగానే చల్లగా తగిలే వాసన ఉంటుంది చూడండి, అదే. మనం హారతిచ్చే కర్పూరం వేరే. పచ్చకర్పూరం సుమత్రా, బోర్నియో అడవుల్లో పెరిగే ఆకాశమంత చెట్టు మాను లోపల, చీలికల్లో స్ఫటికాల్లా పేరుకుంటుంది. పైనుంచి చూస్తే తెలియదు. చెట్టు కొట్టి చీల్చాలి, చాలా చెట్లలో ఏమీ ఉండదు. అందుకే అంత ధర. దాన్ని అడవిలోంచి తెచ్చేది అక్కడి జనం. రేవులో కూర్చుని ఏళ్ల తరబడి వాళ్లతో బేరం కుదుర్చుకోవాలి. ఓడలతో వచ్చి ఒక్కసారి దోచుకుంటే దొరికే సరుకు కాదది.

జైచోళ1025 (రాత్రి 9:40)
సరే, ఒప్పుకుంటా, ఆ చార్ట్ డిలీట్ చేశాను. కానీ ఒక్క మాట. రాజు దెబ్బ కొట్టకపోతే 1088లో ఆ వ్యాపారులకి అంత ధైర్యం వచ్చేదా? జలసంధిలో శ్రీవిజయ పట్టు సడలింది కాబట్టే కదా.

శాసనాలపిచ్చి (రాత్రి 10:05)
ఈసారి మంచి పాయింటు పట్టావు తమ్ముడూ. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అయితే 1025కి ముందే వ్యాపారులు అక్కడున్నారు. థాయిలాండ్ పడమటి ఒడ్డున తకువా పా దగ్గర తొమ్మిదో శతాబ్దపు తమిళ రాయి ఉంది. ఒక చెరువు తవ్వించి దాన్ని మణిగ్రామం అనే వ్యాపార సంఘం కాపలాలో పెట్టారని. అప్పటికి చోళులు ఇంకా పైకి రాలేదు, అది పల్లవుల కాలం. కాబట్టి రాజు తలుపు తీశాడా, ముందే తెరిచున్న తలుపులోంచి రాజు దూరాడా అంటే, రెండోదే ముందు జరిగింది. తర్వాత ఆ తలుపు ఇంకా వెడల్పయిందా అన్నది నీ ప్రశ్న. కావచ్చు.

చీరాలచిన్నోడు (రాత్రి 10:18)
మన వైపు వాళ్ల పాత్ర ఏమీ లేదా ఇందులో?

శాసనాలపిచ్చి (రాత్రి 10:50)
ఉంది, పెద్దదే. 1070లో చోళ సింహాసనం ఎక్కిన కులోత్తుంగుడు వేంగి పిల్లాడు. నన్నయని పోషించిన రాజరాజ నరేంద్రుడి కొడుకు, రాజేంద్రుడి కూతురు అమ్మంగ కడుపున పుట్టాడు. 1068 ప్రాంతంలో వీరరాజేంద్రుడు కడారం మీదికి మళ్లీ సైన్యం పంపి, గెలిచి, శరణన్న రాజుకే తిరిగిచ్చేశాడు. ఆ యాత్రలో కుర్రవాడైన కులోత్తుంగుడు ఉన్నాడని కొందరంటారు, అది తేలలేదు.

రాజయ్యాక ఆయన యుద్ధనౌకలు పంపినట్టు లేదు. 1077లో 72 మందిని చైనాకి పంపాడు. గాజు సామాను, కర్పూరం, ఏనుగు దంతాలు, పన్నీరు పట్టుకెళ్లి, 81,800 దండల రాగి నాణేలతో వచ్చారు. కానుక అన్నారు కానీ అది అమ్మకమే. 1090లో కడారం రాజు దూతలు వచ్చి అడిగితే, నాగపట్నం విహారం భూములకి పన్ను తీసేశాడు. తాత కొట్టిన రాజ్యం వాళ్లు కట్టిన విహారమే అది.

విశాఖపట్నానికి కులోత్తుంగచోళపట్టణం అని ఇంకో పేరు ఉండేది తెలుసా? ఆ శతాబ్దం చివర అక్కడి శాసనాల్లో ఐదువందలవాళ్ల పేరుతో ఒక పెద్ద పళ్లి, అంటే బౌద్ధుల లేదా జైనుల మందిరం, కనపడుతుంది. బారుస్ రాయి మీద ఉన్నదీ ఈ సంఘం పేరే.

గోదారిగట్టు (రాత్రి 11:05)
మా అబ్బాయికి ఇదంతా చదివి వినిపించా. "అయితే కోట లేదు, టోల్ గేటు ఉందన్నమాట" అన్నాడు.

తీరంవాడు (రాత్రి 11:12)
తెలివైనోడు. వచ్చే నెల మా ఓడ బెలవాన్ వెళ్తోంది, సుమత్రా ఉత్తరాన. దిగనిస్తే బారుస్ అటువైపు ఒడ్డు, కొండలు దాటి రోజంతా బస్సు ప్రయాణం అన్నారు. శాసనాలపిచ్చి గారూ, రాయి జకార్తాలో ఉంటే లోబు తువాలో చూడటానికి ఏమైనా మిగిలుందా?

శాసనాలపిచ్చి (రాత్రి 11:30)
తవ్వకాలు చేశారు, కుండ పెంకులు, గాజు ముక్కలు చాలా దొరికాయి. పైన ఇప్పుడు తోటలే. వెళ్తే ఊళ్లో పచ్చకర్పూరం ఎవరైనా అమ్ముతున్నారేమో అడగండి. దొరికితే ఒక తులం నాకూ, డబ్బు పంపిస్తాను.

మిర్చిబజ్జీ (రాత్రి 11:34)
కస్తూరి ధరలో పంపండి.